అరువు మాటల శుభాకాంక్షలు

కుటుంబంలో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఇంటిల్లిపాది ఉన్న వాట్సాప్ గ్రూపు నిండిపోతుంది. ఇరవై సందేశాలు వస్తే పదిహేను ఒక్క చేతి రాతలాగే ఉంటాయి. పుట్టినరోజును పాటించే విషయంలో మన కుటుంబాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఈ శీర్షిక పరిధిలోనిది కాదు. ఆత్మీయులకు ఆ రోజున నాలుగు మాటలు రాయాలని కూర్చున్న వ్యక్తి చేతికి అరువు మాటలు వచ్చినప్పుడు వాటిని ఎలా గుర్తించాలి, ఆ వ్యక్తి సొంత గొంతును తిరిగి ఎలా తీసుకురావాలి అన్నదే ఈ నెల విషయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దమ్మామ్‌లో ఏసీ మరమ్మతు పని చేసే ఒక తమ్ముడు ఉన్నాడనుకోండి. తెనాలిలో ఉన్న అక్కకు నలభై అయిదేళ్లు నిండుతున్నాయి. తల్లి మరణం తరువాత అతణ్ణి పెంచింది ఆమే. అతడు గ్రూపులో పెట్టడానికి ఈ సందేశం సిద్ధం చేసుకొని, పంపే ముందు భార్యకు చూపించాడు:

“*ప్రియమైన సోదరీ, జన్మదిన శుభాకాంక్షలు!* ఈ ప్రత్యేకమైన రోజున మీ జీవితంలో ఆనందాల హరివిల్లు విరియాలని, మీ ప్రతి కలా సాకారం కావాలని, ఆయురారోగ్య అష్టైశ్వర్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. మీ చిరునవ్వు ఎప్పటికీ చెరగకూడదు. బారకల్లాహు ఫీక.”

ఇందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు. అయినా భార్య చదివిన వెంటనే, “ఇది మీరు రాసినట్టు లేదండీ” అన్నది. ఆమెకు అలా ఎందుకు అనిపించిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ఆనవాలు సంబోధన. అతడు అక్కను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి “ఆపా” అని పిలుస్తాడు, “నువ్వు” అంటాడు. సందేశంలో ఆమె “సోదరీ” అయింది, “మీరు” అయింది. ఎవరో తెలియని వారందరికీ సరిపోయేలా రాసిన మాటలు “మీరు” అనక తప్పదు. తెలుగులో అరువు సందేశాన్ని అన్నిటికంటే ముందు పట్టిచ్చేది ఈ ఒక్క అక్షరమే. నిత్యం “నువ్వు” అనే చోట “మీరు” కనబడితే ఆ మాటలు వేరొకరి కోసం పుట్టినవని అర్థం.

రెండవది, నోటితో పలకని మాటలు. “ఈ ప్రత్యేకమైన రోజున” అని మన ఇళ్లలో ఎవరూ అనరు. అది ఇంగ్లీషు కార్డు నుంచి తెలుగులోకి దిగిన మాట. “ఆనందాల హరివిల్లు” శుభాకాంక్షల బొమ్మల మీద కనిపించే మాట. “అష్టైశ్వర్యాలు” మన ఇళ్లలో దుఆ చేసే పద్ధతిలోని మాట కాదు. మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన మాటలు ఒకే వాక్యంలో కలిశాయి. ఆ వాక్యాన్ని అతడు ఫోనులో అక్కతో బిగ్గరగా అనగలడా అని అడిగి చూడండి. సిగ్గుపడి నవ్వేస్తాడు. ఆ నవ్వే సరైన పరీక్ష.

మూడవది చివరి దుఆ. అరబీలో పురుషుణ్ణి ఉద్దేశించి “ఫీక” అంటారు, స్త్రీని ఉద్దేశించి “ఫీకి” అంటారు. “ఫీక్” అని ఆపి పలికితే ఈ తేడా వినిపించదు కాబట్టి అందులో తప్పు పట్టనవసరం లేదు. కాని అక్కకు “ఫీక” అని పూర్తిగా రాశాడంటే, ఆ దుఆ మరెవరో ఒక పురుషునికి రాసినదని తెలుస్తున్నది. “జజాకల్లాహ్”, “జజాకిల్లాహ్” విషయంలోనూ ఇదే జరుగుతుంది.

ఇక పైపై గుర్తులు కొన్ని ఉన్నాయి. వాట్సాప్‌లో అక్షరాలు లావుగా కనిపించడానికి ఇరువైపులా పెట్టే నక్షత్రపు గుర్తులు, వేరే చోటికి మార్చినప్పుడు గుర్తులుగానే మిగిలిపోతాయి. ఇతరుల సందేశాన్ని అలాగే పంపితే దాని మీద ‘ఫార్వర్డెడ్’ అన్న మాట కనిపించే ఏర్పాటు 2018 జూలై నుంచి ఉంది. అయితే కాపీ చేసి అతికించిన దాని మీద ఆ మాట కనిపించదు. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన సొంత రాత అనుకోవడానికి వీలులేదు. వీటన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఒకటి ఉంది. సందేశంలో పేరు మార్చి చదవండి. అక్క స్థానంలో పై అధికారిని, ఇంటి యజమానిని, పక్కవీధి దుకాణదారుని పెట్టినా ఒక్క మాట మార్చవలసిన పని రాకపోతే, అది ఎవరికీ రాసినది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అరువు మాటలు వాడినవాడికి ప్రేమ లేదని తీర్మానించకూడదు. చాలామంది విషయంలో అసలు కారణం భయం. తన తెలుగు బాగుండదని, అక్షర దోషాలు పడతాయని, గ్రూపులో చదువుకున్న అల్లుళ్లు, కోడళ్లు చూస్తారని భయపడి మంచి మాటల కోసం వెతుక్కుంటారు. అందువల్ల “కాపీ కొట్టావా?” అని అడగకండి. ఆ భార్య ఆ మాట అనలేదు. సందేశాన్ని పక్కన పెట్టించి మూడు ప్రశ్నలు వేసింది.

“మీరు ఆపాతో ఫోనులో మాట్లాడితే ముందుగా ఏమి అడుగుతారు?” ఇది మొదటి ప్రశ్న. “మోకాలు ఎలా ఉందని అడుగుతాను” అన్నాడు. ఆమెకు మోకాళ్ల నొప్పి. కొన్ని నెలలుగా కుర్చీలో కూర్చొని నమాజు చేస్తున్నది.

“ఆమెను తలచుకుంటే ఏది కళ్ల ముందుకు వస్తుంది?” ఇది రెండవది. “మంచిది”, “త్యాగమూర్తి” వంటి జవాబులు వస్తే మళ్లీ అడగాలి. గుణాల పేర్లు అందరికీ అతుకుతాయి, జరిగిన సంగతి ఒక్కరికే అతుకుతుంది. కొంతసేపు ఆలోచించి అతడు, తన పదో తరగతి పరీక్షల రోజుల్లో ఆమె తెల్లవారుజామున లేచి సేమియా చేసి పెట్టేదని చెప్పాడు.

“ఈ రోజు ఆమె కోసం ఒకే ఒక దుఆ చేయవలసి వస్తే ఏమి అడుగుతారు?” ఇది మూడవది. జవాబు వెంటనే వచ్చింది: “మళ్లీ నిలబడి నమాజు చేసుకోవాలి.” “ఆయురారోగ్యాలు” అన్న మాట వెనుక అతని మనసులో ఉన్న అసలు కోరిక ఇదే.

భార్య ఈ జవాబులను తన మాటలలో రాయలేదు. సాయం చేసేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. వెతికి తెచ్చిన మాటలను తీసివేసి, వాటి స్థానంలో తమ చక్కని మాటలు పెడతారు. అప్పుడు సందేశం ఒక అరువు నుంచి మరొక అరువులోకి మారుతుంది, అంతే. ఆమె అతనితో, “ఇవే మాటలు ఫోనులో ఆపాకు చెబుతున్నట్టు చెప్పండి” అని వాయిస్ రికార్డు చేయించి, విని, ఉన్నది ఉన్నట్టు రాసింది. తడబాట్లు, ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రమే తీసివేసింది. తయారైనది ఇది:

“అస్సలాము అలైకుం ఆపా. మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దంటే వినవు. నా టెన్త్ పరీక్షలప్పుడు తెల్లారకముందే లేచి సేమియా చేసి పెట్టేదానివి. ఇక్కడ రూములో ఎవరు సేమియా చేసినా నాకు నువ్వే గుర్తొస్తావు. అల్లాహ్ నీ నొప్పి తగ్గించాలి, నువ్వు మళ్లీ నిలబడి నమాజు చేసుకోవాలి. ఆమీన్. రంజాన్‌కి వస్తాను, ఇన్షా అల్లాహ్.”

ఇందులో “జన్మదిన శుభాకాంక్షలు” అన్న మాటే లేదు. కావాలంటే చేర్చవచ్చు. అది అందరి మాటే అయినా, ఒక్క మాటగా ఉంటే ఇబ్బంది లేదు. “మెట్లు ఎక్కొద్దంటే వినవు” అన్న చిన్న విసుగును మర్యాద పేరుతో తీసివేసి ఉంటే తమ్ముడు మాయమయ్యేవాడు. అలాగే ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకునే అక్కాతమ్ముళ్లయితే, ఆ ఉర్దూ మాటలనే తెలుగు లిపిలో రాయడం మేలు. తెలుగు పుస్తక భాషలోకి మార్చితే గొంతు మారిపోతుంది. నిడివి కూడా గొంతులో భాగమే. మితభాషి నుంచి ఇరవై వాక్యాలు వస్తే చదివేవారికి అనుమానం కలగక మానదు. అతనికి రెండు వాక్యాలే సరిపోతాయి.

జవాబులు చెబుతూ ఉండగా అతని నోటి నుంచి మరొక మాట వచ్చింది. తన వీసా ఖర్చు కోసం అక్క గాజులు అమ్మింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. దానిని గ్రూపు సందేశంలో చేర్చుదామని అతడు అన్నాడు. భార్య వద్దన్నది. ఆ గ్రూపులో అక్క అత్తింటివారు కూడా ఉన్నారు. గాజుల సంగతి వారిలో ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో చెప్పలేము. సొంత గొంతు అంటే అన్నీ అందరి ముందు చెప్పడం కాదు. అప్పు, అనారోగ్యపు వివరాలు, పాత గొడవలు, రహస్యంగా చేసిన మేలు ఎదుటివారి అమానతు. మోకాలి నొప్పి ఇంట్లో అందరికీ తెలిసినదే కనుక దానిని ఉంచారు. గాజుల మాట అక్క నంబరుకు విడిగా వెళ్లింది: “ఆపా, నా వీసాకి నువ్వు గాజులు అమ్మిన సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. మరచిపోలేదు.” అంతే రాశాడు. రాయించవలసిన అవసరం కూడా రాలేదు.

అందరికీ ఇలా రాయనక్కరలేదు. దూరపు పరిచయస్తునికి, కార్యాలయంలో తోటి ఉద్యోగికి చెప్పుకోవడానికి జ్ఞాపకాలు లేనప్పుడు, లేని జ్ఞాపకాన్ని కల్పించడం అరువు మాటల కంటే ఎక్కువ దోషం. అక్కడ “శుభాకాంక్షలు, అల్లాహ్ మీకు మేలు చేయుగాక” అన్న ఒక్క వాక్యం నిజాయితీగా ఉంటుంది. పేరు మార్చే పరీక్షలో అది కూడా ఓడిపోతుంది, కాని అది అంతకు మించి చెప్పినట్టు నటించదు. హరివిల్లులు విరిసేటప్పుడే మాటకూ మనిషికీ దూరం పెరుగుతుంది.

సందేశం చేరవలసిన వారికి చేరిందో లేదో తెలుసుకోవడానికి జవాబు చూడండి. అందరికీ కలిపి ఒకే “థాంక్యూ”, ఒక పువ్వు బొమ్మ వస్తే, మన మాటలు మిగిలినవాటిలో కలిసిపోయాయని అనుకోవచ్చు. “మోకాలు ఎలా ఉంది?” అని అడిగినవారికి మోకాలి సంగతి జవాబుగా వస్తుంది. డాక్టరు ఏమన్నాడో, మెట్లు ఎవరి కోసం ఎక్కవలసి వచ్చిందో, రంజాన్‌కు ఏ తేదీన వస్తున్నావో అన్న మాటలు దాని వెంట వస్తాయి.