మిద్దె మీది యంత్రం, కింది గదిలో హోరు

శ్రుతిదండాన్ని రబ్బరు సుత్తితో కొట్టి గాలిలో పట్టుకోండి. చెవి దగ్గర పెట్టుకుంటేగాని దాని ధ్వని వినపడదు. ఇప్పుడు కాడను బల్లకు ఆనించండి, గదంతా వినిపిస్తుంది. కంపించింది దండమే అయినా, గాలిని పెద్ద ఎత్తున కదిలించింది బల్ల పలక.

దండానికి బదులు ఒక పెద్ద యంత్రాన్నీ, బల్లకు బదులు భవనపు కప్పునూ ఊహించుకోండి. ఆస్పత్రుల మీద, సినిమాహాళ్ళ మీద ఉండే ఏర్ హాండ్లింగ్ యూనిట్ అలాంటిదే. ఒక పెద్ద రేకు పెట్టెలో పంకా, దాన్ని తిప్పే మోటారు ఉంటాయి. అవి చల్లని గాలిని గదుల్లోకి పంపుతాయి. వాటి కంపనాలు శ్లాబులోకి దిగితే కింది గది గోడలు బల్లలాగే మోగుతాయి. కిటికీలు మూసినా ఆ హోరు తగ్గదు, గోడకు చెవి ఆనిస్తే ఇంకా పెరుగుతుంది. ధ్వని కట్టడం గుండా వస్తున్నదనడానికి అదే గుర్తు.

యంత్రం కింద రబ్బరు ముక్కలు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రబ్బరు ఎంత మందం ఉండాలి అని అడుగుతారు. అడగవలసింది అది కాదని నా అభిప్రాయం. యంత్రం బరువుకు ఆ ఆధారం ఎంత కుంగుతుంది? ఇదీ అసలు ప్రశ్న.

ఎందుకో చూద్దాం. స్ప్రింగు మీద నిలిచిన ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. కుంగుదలను సెంటీమీటర్లలో కొలిచి, దాని వర్గమూలంతో 5 ను భాగిస్తే, సెకనుకు ఎన్ని కంపనాలో వస్తుంది. స్ప్రింగులకు ఈ లెక్క బాగా సరిపోతుంది, రబ్బరుకు ఉజ్జాయింపు మాత్రమే.

మన యంత్రం బరువు 1200 కిలోలు, పంకా నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది అనుకోండి. అంటే సెకనుకు 10 కంపనాలు. రబ్బరు ముక్కలు పావు సెంటీమీటరు కుంగితే, 0.25 వర్గమూలం 0.5. 5 ను 0.5 తో భాగిస్తే 10! పంకా లయా, ఆధారం లయా ఒకటైపోయాయి. ఇదే అనునాదం. ఊయలను సరైన సమయంలో తోసినట్టు ప్రతి చుట్టూ కంపనాన్ని పెంచుతుంది. రబ్బరు వేయకపోయినా ఇంత నష్టం ఉండేది కాదు.

మెత్తని స్ప్రింగులు వేసి 4 సెంటీమీటర్లు కుంగనిస్తే సహజ పౌనఃపున్యం రెండున్నర అవుతుంది. పంకా లయ దానికి 4 రెట్లు. ఆ 4 ను వర్గం చేసి 1 తీసివేస్తే 15. కంపించే బలంలో సుమారు 15వ వంతు మాత్రమే కిందికి దిగుతుంది. బరువు నాలుగు మూలలా సమానంగా ఉండదు సుమా! మోటారు వైపు మూలలు 320 కిలోల చొప్పున, రెండోవైపు 280 కిలోల చొప్పున మోస్తుంటే, అటు సెంటీమీటరుకు 80 కిలోల స్ప్రింగులు, ఇటు 70 కిలోలవి కావాలి. అప్పుడే అన్నీ సమంగా కుంగుతాయి.

అయితే రబ్బరు పనికిరానిదనుకోకండి. సెకనుకు 10 కంపనాలు మన చెవికి వినపడవు. అవి కాళ్ళకు వణుకుగా తెలుస్తాయి, కిటికీ రెక్కలను ఆడిస్తాయి. మోటారు, పంకా రెక్కలు పుట్టించే వేగమైన కంపనాలే హోరుగా వినిపిస్తాయి. అవి ఉక్కు చుట్ల వెంబడే కిందికి జారిపోగలవు. అందుకే స్ప్రింగు అడుగున రబ్బరు పలక వేస్తారు. నిదానమైన కంపనాలకు స్ప్రింగు, వేగమైనవాటికి రబ్బరు.

మరొక చిక్కు ఉంది. పై లెక్క కదలని నేలకు చేసినది. మిద్దె నేల వంటిది కాదు, యంత్రం బరువుకు అదీ కొంచెం వంగుతుంది, అంటే అదీ ఒక స్ప్రింగే. ఆధారాల కుంగుదల శ్లాబు వంపుకన్నా ఎన్నో రెట్లు ఉండాలి. అందుకే నేలమీద చక్కగా పనిచేసిన స్ప్రింగులు వెడల్పైన హాలు కప్పు మీద విఫలం కావచ్చు. యంత్రాన్ని శ్లాబు నడుమ కాక, స్తంభాల దగ్గర దూలాల మీద నిలపడం మేలు. ఈ నిర్ణయం భవనం పటం గీసేనాడే జరగాలి.

ఇంత చేసినా ఒక్క ఇనుప గొట్టం యంత్రాన్ని గోడకు బిగించి ఉంచితే శ్రమంతా వృథా. కంపనాలు స్ప్రింగులను వదిలి గొట్టం దారి పడతాయి. అందుకే నీటి గొట్టాలకు వంగే రబ్బరు అతుకులు, గాలి గొట్టాలకు కాన్వాసు అతుకులు పెడతారు. చట్రం కింద పడి గట్టిపడిన సిమెంటు ముద్ద కూడా ఇదే కీడు చేస్తుంది.

కాబట్టి కొనుగోలు కాగితంలో "రబ్బరు ముక్కలు 4" అని రాస్తే చాలదు. మూలమూలకూ బరువు, పంకా చుట్లు, కావలసిన కుంగుదల రాయాలి. బిగించాక సరిచూడడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. బరువు పడకముందు స్ప్రింగు ఎత్తు, పడ్డాక ఎత్తు కొలిచి చూడండి. తేడా 4 సెంటీమీటర్లు లేకపోతే, స్ప్రింగు గట్టిదైనా అయి ఉండాలి, లేదా యంత్రం మరెక్కడో ఆనుకొనైనా ఉండాలి. ఆ సంగతి మీ పెట్టెలోని స్కేలే చెప్పగలదు.