మే 30 నుంచి మే 9కి

ఏప్రిల్ 21, సోమవారం రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, పరీక్షలు ప్రీపోన్ చేసేశారు. జూన్ 9న మొదలవ్వాల్సినవి మే 19కే పెట్టారు. నా ఇంటర్న్‌షిప్ మే 30 దాకా ఉంది కదా, ఇప్పుడు రిజైన్ చేసెయ్యనా?" అంది. కంపెనీ పోర్టల్ తెరిచి, రిజైన్ అన్న బటన్ దాకా వెళ్లి, నాకొకసారి చెబుదామని ఆగిందట. ఆగి మంచిపని చేసింది.

నేను పదకొండేళ్లు మానవ వనరుల విభాగంలో పనిచేశాను. ప్రతి వేసవిలోనూ ఇలాంటి పిల్లలను చూశాను. ఫైనలియర్ రెండో సెమిస్టర్, అంటే పిల్లల భాషలో ఫోర్-టూ. జనవరిలో కంపెనీలో చేరతారు. మూడు థియరీ పేపర్లు, ప్రాజెక్ట్ వైవా ఇంకా మిగిలే ఉంటాయి. పరీక్షలయ్యేలోపు ఇంటర్న్‌షిప్ అయిపోతుందన్న లెక్కతోనే ఆఫర్ లెటర్ మీద సంతకం పెడతారు. యూనివర్సిటీ ఒక్క నోటీసుతో ఆ లెక్క తారుమారు చేస్తే, వీళ్లకు మొదట తట్టే మాట రాజీనామా. ఆ మాటే వాళ్లకు చేటు చేస్తుంది.

కారణం చెబుతాను. ఇంటర్న్‌షిప్ మొదటి నుంచీ గడువున్న ఒప్పందం. అందులో మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ రాసే ఉంటాయి. ముగింపు తేదీ మార్చమని అడిగి, కంపెనీ ఒప్పుకుంటే, ఆ కొత్త తేదీకి ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టే లెక్క. కంప్లీషన్ సర్టిఫికెట్ ఇస్తారు. రాజీనామా చేస్తే కాగితాలు వేరే దారిలో నడుస్తాయి. కారణం గడిలో 'రిజైన్డ్' అని పడుతుంది, చేతికి రిలీవింగ్ లెటర్ వస్తుంది, అందులో 'పూర్తి చేశారు' అన్న మాట ఉండకపోవచ్చు. కాలేజీ క్రెడిట్లు వేసేది ఆ మాట చూసే. పిల్ల చేసిన పని ఒక్కటే, కూర్చున్న కుర్చీ ఒక్కటే, అయినా నొక్కిన బటన్ని బట్టి కాగితం మారిపోతుంది.

అందుకని ఆ రాత్రి తనకు చెప్పిన మొదటి మాట, ఏ బటనూ నొక్కకు అని. రెండోది, నోటీసు ఎక్కడి నుంచి వచ్చిందో చూడమని. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసిన పీడీఎఫ్ అది. యూనివర్సిటీ పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లో అదే నోటీసు వెతికించాను. దొరికాక కూడా ఒకటి సరిచూసుకోవాలి. జేఎన్‌టీయూల్లో ఆర్-18, ఆర్-20, ఆర్-22 అంటూ చేరిన ఏడాదిని బట్టి రెగ్యులేషన్ మారుతుంది. రెగ్యులర్ వాళ్లకొక టైమ్ టేబుల్, సప్లిమెంటరీ వాళ్లకొకటి. తమది కాని టైమ్ టేబుల్ చూసి కంపెనీకి మెయిల్ పెట్టి, మర్నాడు నాలిక్కరుచుకున్న కుర్రాడు నాకు తెలుసు. మా పిల్లది సరైన నోటీసే. మే 19, 22, 26 తేదీల్లో మూడు పేపర్లు.

తర్వాత ఏ తేదీ అడగాలన్నది తేల్చాలి. తను ఏప్రిల్ 30 అడుగుదామనుకుంది. చదువుకోవడానికి పద్దెనిమిది రోజులు దొరుకుతాయని ఆశ. నేను రెండు కాగితాలు తీయమన్నాను. ఒకటి, తన డిపార్ట్‌మెంట్ ఇంటర్న్‌షిప్ మార్గదర్శకాలు. అందులో కనీసం 18 వారాలు ఉండాలని రాసుంది. జనవరి 6, సోమవారం చేరింది కాబట్టి 18 వారాలు పూర్తయ్యేది మే 9, శుక్రవారం. ఏప్రిల్ 30కి దిగిపోతే వారం మీద రెండు రోజులు తక్కువ పడేవి. కంపెనీ సరేనన్నా కాలేజీ ఒప్పుకునేది కాదు. ఆ సంగతి వైవా రోజున గానీ బయటపడేది కాదు.

రెండో కాగితం ఆఫర్ లెటర్. ఇంటర్న్ ముందుగా వెళ్లాలనుకుంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉంది. ఏప్రిల్ 22న మెయిల్ పెడితే 15 రోజులు మే 7కి అవుతాయి. మే 9కి చక్కగా సరిపోతుంది. లీడ్ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అడుగుదామని వారం ఆగి ఉంటే గడువు మే 14 దాకా పోయేది, చదువుకునే తొమ్మిది రోజుల్లో ఐదు కరిగిపోయేవి. పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ వారమే. కంపెనీ కాదంటుందేమోనన్న భయంతో రోజులు గడిపేస్తారు. తీరా అడిగేసరికి కంపెనీ నిజంగానే ఇబ్బందిపడే పరిస్థితి వస్తుంది.

మెయిల్ రాయడానికి కూర్చుంది. మొదటి ప్రతి నాకు పంపింది. బడిలో నేర్చుకున్న సెలవు చీటీ లాగానే ఉంది. వినయంగా వేడుకుంటున్నాననీ, పెద్ద మనసుతో దయతలచమనీ రెండు పేరాలు. ఏ తేదీ కావాలో మూడో పేరాలో గానీ రాలేదు. మన చదువుల్లో ఉత్తరం అంటే నేర్పింది ఆ ఒక్క చీటీయే, పిల్ల తప్పేముంది? కానీ ఆ మెయిల్ చదివే మనిషికి రోజుకు వంద మెయిళ్లు వస్తాయి. అందులోంచి ఒక తేదీ తీసుకుని సిస్టమ్‌లో ఎక్కించాలి. ఆ పనికి పనికొచ్చేలా రాయాలి. ఇద్దరం కలిసి తిరగరాశాం. దాని సారం ఇది:

"జనవరి 6 నుంచి మే 30 వరకు ఉన్న నా ఇంటర్న్‌షిప్ ముగింపు తేదీని మే 9కి మార్చవలసిందిగా కోరుతున్నాను. యూనివర్సిటీ సవరించిన టైమ్ టేబుల్ ప్రకారం నా సెమిస్టర్ పరీక్షలు జూన్ 9కి బదులు మే 19న మొదలవుతున్నాయి. నోటీసు, కాలేజీ లేఖ జతచేశాను. మే 9 నాటికి కాలేజీ కోరే 18 వారాలు పూర్తవుతాయి. నా చేతిలో ఉన్న పేమెంట్ స్క్రీన్ టెస్ట్ కేసులు మే 2కి పూర్తిచేస్తాను. రిపోర్టుల పని సగమే అవుతుంది. మిగతాది ఎవరికి అప్పగించాలో చెబితే మే 6, 7 తేదీల్లో వారికి వివరిస్తాను. సవరించిన తేదీ, సర్టిఫికెట్‌లో రాసే తేదీలు, మే నెల స్టైపెండ్ లెక్క మెయిల్‌లో ధ్రువీకరించగలరు."

సగమే అవుతుందన్న వాక్యం తీసేయాలని తను పట్టుబట్టింది. చెడ్డపేరు వస్తుందేమోనని. ఉంచమన్నాను. లీడ్‌కు కావలసిన సమాచారం అదే. అన్నీ పూర్తిచేసేస్తానని రాసి, మే 8 రాత్రి చేతులెత్తేస్తే అప్పుడొస్తుంది చెడ్డపేరు.

ఆ మెయిల్ లీడ్‌కూ హెచ్‌ఆర్‌కూ కలిపి వెళ్లాలి. ముందు లీడ్‌తో నోటిమాటగా చెప్పడం మర్యాద, తను చెప్పింది కూడా. ఆయన "అదేముందమ్మా, పరీక్షలు ముఖ్యం, వెళ్లు" అన్నాడు. చాలామంది పిల్లలు ఈ మాటతోనే పని అయిపోయిందనుకుంటారు. హెచ్‌ఆర్ సిస్టమ్‌లో మాత్రం మే 30 అలాగే ఉంటుంది. మే 12 నుంచి రోజూ ఆబ్సెంట్ పడుతుంది. కొన్ని రోజులకు 'అబ్‌స్కాండింగ్' అని హెచ్చరిక మెయిల్ వస్తుంది. అంటే చెప్పకుండా మాయమయ్యారని. అది కంపెనీ మెయిల్‌కే వస్తే, పరీక్షల్లో మునిగి ఉన్న పిల్లలు చూడను కూడా చూడరు. అందుకే తన సొంత మెయిల్ ఐడీని కూడా కాపీలో పెట్టించాను.

రెండు రోజులకు హెచ్‌ఆర్ నుంచి జవాబు వచ్చింది. ముగింపు తేదీ మార్చడం ఎందుకు, మే 12 నుంచి 26 వరకు పరీక్షల సెలవు తీసుకుని, 27న తిరిగొచ్చి 30 దాకా పనిచేయండి అన్నారు. చెడ్డ ప్రతిపాదనేమీ కాదు. చివర్లో ఉద్యోగపు ఆఫర్, అంటే పీపీవో, వచ్చే అవకాశం ఉండి, దాని ఇంటర్వ్యూ ఆ చివరి వారంలోనే ఉంటే నేనూ అదే తీసుకోమంటాను. మా పిల్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ప్రాజెక్ట్ వైవాకు ముందే సర్టిఫికెట్ ఇవ్వాలి, వైవా మే 29న. మే 30న ముగిసే ఇంటర్న్‌షిప్‌కు 29 నాటికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఈ ఒక్క మాట రాసి, పీపీవో కోసం జరిగే చివరి రివ్యూను మే 8కి పెట్టగలరా అని అడిగింది. ఒప్పుకున్నారు. తేదీ ముందుకొస్తే రివ్యూ దానంతటదే ముందుకు రాదు. అడక్కపోతే, రివ్యూ జరగని ఇంటర్న్‌ల జాబితాలో పేరు మిగిలిపోతుంది.

స్టైపెండ్ నెలకు 20 వేలు. మే నెలలో తొమ్మిది రోజులకు, 31 రోజుల లెక్కన కడితే 5,806 రూపాయలు. పనిదినాల లెక్కన, 22లో ఏడు రోజులకు, 6,364. ఏ లెక్క కడతారో కంపెనీ ఇష్టం, రెండూ వాడుకలో ఉన్నవే. ముందే తెలిస్తే హాస్టల్ బిల్లు దగ్గర కంగారుండదు.

చివరి రోజు గురించి ఒకటే చెప్పాలి. సాయంత్రానికి లాగిన్ ఆగిపోతుంది. ప్రాజెక్ట్ రిపోర్టులో పెట్టాల్సిన స్క్రీన్‌షాట్లు, లాగ్‌బుక్ మీద మెంటర్ సంతకం, ఇవన్నీ అంతకుముందే కావాలి. కంపెనీ సమాచారం అడక్కుండా సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం నేరం కిందికి కూడా రావచ్చు. రిపోర్టులో ఏవి వాడుకోవచ్చో లీడ్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. తను మే 5న అడిగింది. రెండు స్క్రీన్‌షాట్లు వద్దన్నారు, మిగతావి ఇచ్చారు.

ఈ కథలో నాకు కోపం తెప్పించింది కంపెనీ కాదు. కాలేజీ లేఖ. పరీక్షలు మారాయని, ఈ విద్యార్థిని మే 19న హాజరుకావాలని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టడానికి ప్లేస్‌మెంట్ సెల్ ఒక రోజంతా తిప్పింది. మాదాపూర్‌లో పనిచేస్తున్న పిల్ల సెలవు పెట్టి, ఊరి చివరి కాలేజీకి రెండు బస్సులు మారి వెళ్లాలి. తన క్లాసులో ముప్ఫైమందికి పైగా ఇంటర్న్‌షిప్‌లలో ఉన్నారు. ఎవరెవరు ఏ కంపెనీలో, ఏ తేదీ వరకు ఉన్నారో కాలేజీ దగ్గర జాబితా ఉంది, ఎన్‌వోసీ ఇచ్చింది వాళ్లే. సవరించిన నోటీసు వచ్చిన రోజే ప్రతి కంపెనీకీ కాలేజీయే ఒక మెయిల్ పంపితే, ఈ ముప్ఫైమందీ విడివిడిగా బతిమాలుకోవాల్సిన పనే ఉండదు. తేదీలు మార్చే హక్కు యూనివర్సిటీది, కాదనను. మార్చిన సంగతి కంపెనీలకు చెప్పే బాధ్యత మాత్రం ఇరవై ఏళ్ల పిల్లల మీద వదిలేయడం న్యాయం కాదు.

మే 9 సాయంత్రం సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చింది. జనవరి 6 నుంచి మే 30 వరకు అని ఉంది. పాత నమూనాలో తేదీ మార్చడం మరిచిపోయినట్టున్నారు. "మంచిదేగా అత్తా, 21 వారాలు పడ్డాయి" అని నవ్వింది. మే 19న పరీక్ష హాల్లో ఉన్న అమ్మాయి అదే రోజు కంపెనీలో పనిచేసినట్టు కాగితం చెబుతోంది, వైవాలో ఎవరైనా అడిగితే ఏమంటావు అన్నాను. వెంటనే జవాబు రాసింది. మే 9 అని దిద్దిన సర్టిఫికెట్ 14వ తేదీ, బుధవారం వచ్చింది. అప్పటికి తను మొదటి పేపరు మూడో యూనిట్‌లో ఉంది.