'ఒకవేళ' పేరా ఎక్కడ ఆగాలి?

హిస్టరీ జవాబులో "ఒకవేళ ఇలా జరక్కపోయి ఉంటే" అని ఒక పేరా రాయడం వేస్ట్ అని మన క్లాసులో చాలామంది అంటారు. జరగని దాని గురించి రాస్తే అది కథే గానీ చరిత్ర కాదంటారు. నేను ఒప్పుకోను. "ఫలానాది ముఖ్య కారణం" అని రాశామంటే, "అది లేకపోతే ఇది జరిగేది కాదు" అని చెప్పకుండానే చెప్పినట్టు. ఆ దాగిన మాటను బయటికి తీసి పరీక్షించడానికే ఈ పేరా. దానికి మించి దానికి వేరే పని లేదు.

మనకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. పొట్టి శ్రీరాములుగారు మన చెన్నైలోనే, మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకే, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. మా ఇంట్లో నాన్నవైపు తెలుగు, అమ్మవైపు తమిళం. ఈ మాట వచ్చిందంటే రెండు పార్టీలు తయారు. నాన్నమ్మ "ఆయన ప్రాణం పోసి తెచ్చిన రాష్ట్రం" అంటుంది. అమ్మవైపు తాత "ఎలాగూ వచ్చేదే, ఎలక్షన్ అప్పుడే తేల్చేసింది" అంటారు. ఇద్దరూ 'ఒకవేళ' పేరానే మాట్లాడుతున్నారు, కాకపోతే పరీక్ష పెట్టకుండా.

పరీక్ష ఎలా పెట్టాలి? ముందు, మార్చేది ఒక్కటే ఉండాలి, అదీ అప్పట్లో నిజంగా జరగడానికి వీలున్నదై ఉండాలి. "శ్రీరాములుగారు అసలు పుట్టకపోయి ఉంటే" అంటే ఏమీ తేలదు. "డిసెంబరు 10న ఆయన దీక్ష విరమించి ఉంటే" అనడం మేలు. ఎందుకంటే అలాంటిది ఏడాది ముందే జరిగింది. 1951లో స్వామి సీతారాం ఇదే కోరికతో 35 రోజులు ఉపవాసం ఉండి, వినోబా భావే మాట మీద విరమించారు. రాష్ట్రం రాలేదు. ఊహకు పక్కన నిలబెట్టి చూసుకునే నిజం అంటే ఇదే.

ఇది ఒక్కటే చూస్తే నాన్నమ్మ గెలిచినట్టే. కానీ 1951కీ 1952కీ మధ్య జనరల్ ఎలక్షన్ వచ్చింది, ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్ గట్టి దెబ్బ తింది. కాబట్టి రెండు దీక్షలూ ఒకే నేల మీద జరిగినవి కావు. ఇంకొకటి. డిసెంబరు 3న నెహ్రూ రాజాజీకి రాసిన ఉత్తరంలో ఈ దీక్ష తనను ఏమీ కదిలించలేదని, పట్టించుకోనని రాశారు. 12వ తేదీ ఉత్తరంలో మాత్రం ఆంధ్రుల కోరిక ఒప్పుకోక తప్పదన్నట్టు రాశారు. అంటే చావుకు మూడు రోజుల ముందే మనసు మారింది.

అందుకని నా పేరా ఇలా ఉంటుంది: "శ్రీరాములు డిసెంబరు 10న దీక్ష విరమించి ఉంటే, 19వ తేదీ ప్రకటన వచ్చేది కాదేమో. 1951లో విరమణ తర్వాత ప్రభుత్వం మెత్తబడలేదు. మరణం తర్వాత జరిగిన అల్లర్లు, పోలీసు కాల్పులు వాయిదాకు చోటు లేకుండా చేశాయి. అయితే ఎన్నికల ఫలితం, 12వ తేదీ ఉత్తరం చూస్తే రాష్ట్రం ఆలస్యంగానైనా వచ్చేదనిపిస్తుంది. కాబట్టి మరణం రాష్ట్రం ఎప్పుడు వచ్చిందో చెప్పే కారణం, ఎందుకు వచ్చిందో చెప్పే ఏకైక కారణం కాదు." అంతే, ఇక్కడ పెన్ను ఆపాలి.

మనవాళ్ళు ఆపరు. "అప్పుడు మద్రాసు మనకే దక్కేది, కర్నూలు రాజధాని అయ్యేదే కాదు" అని పోతారు. అడుగడుగుకీ కొత్త ఊహ చేరుతుంది, దేనికీ పక్కన పెట్టుకోవడానికి 1951 లాంటి నిజం ఉండదు. ఇందులో తప్పు పట్టుకోవడం తేలికే. పేరాలో రెండో "అప్పుడు" కనిపించిందంటే పరీక్ష అయిపోయి కథ మొదలైనట్టు. పైగా మద్రాసు సంగతికి ఈ మరణంతో పెద్ద లంకె లేదు. మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చని నెహ్రూ, పటేల్, పట్టాభిల కమిటీ 1949లోనే చెప్పింది. దీక్ష ఉన్నా లేకున్నా ఆ షరతు అక్కడే ఉంది. ఈ మాట నాన్నమ్మకు చెప్తే ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు, అది వేరే విషయం.

ఈ పేరా మనకు ఇచ్చే లాభం ఇంకో ప్రశ్న. మరణాన్ని పక్కన పెట్టినా నెహ్రూ మారారంటే, డిసెంబరు 3కీ 12కీ మధ్య ఆ తొమ్మిది రోజుల్లో ఏం జరిగింది? అది ఊహతో తేలేది కాదు. ఆ వారం పేపర్లు, ఉత్తరాలు తీసి చదవాలి.