మొత్తం ఎన్ని అని కాదు, ఎన్ని రోజులైందని అడగండి



శుక్రవారం మీటింగ్‌లో మన వాలంటీర్లు "పెండింగ్ 24" అని ఒక్క లెక్క చదివితే సరిపోదని నా అభిప్రాయం. ఎందుకో ఈ ఉదాహరణ చూడండి.

*పోయిన వారం 24:* వారం లోపువి 14, వారం దాటి నెల లోపువి 7, నెల దాటినవి 3.
*ఈ వారం 24:* అదే వరుసలో 9, 8, 7.

మొత్తం మారలేదు. తొమ్మిది కొత్తగా వచ్చినయి, తొమ్మిది తీరినయి. కానీ తీరినవన్నీ పోయిన వారం కొత్తవే. అప్పటికే వారం దాటిన పదిలో ఒక్కటీ తీరలేదు. సులువైన పని అయిపోతుంది, జీతం బాకీ అడుగున పడుతుంది. ఖతార్ చట్టం ప్రకారం కాంట్రాక్టు ముగిసిన ఏడాదిలోపు బాకీ కేసు వేయాలి. అందుకే రోజులు లెక్కే.

లెక్క మీరు మొదటిసారి చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టాలి. కాగితం తక్కువైందని కొత్త నంబరు ఇస్తే 40 రోజుల దరఖాస్తు మళ్ళీ కొత్తదైపోతుంది. నెల దాటినవి ఒక్కసారే తగ్గి, అదే వారం కొత్తవి పెరిగితే ఇదే జరిగిందేమో చూడాలి.

మీరూ ఒక పని చేయండి. మళ్ళీ మెసేజ్ పెట్టేటప్పుడు పాత నంబరే రాయండి. మీటింగ్‌లో ముందుగా నెల దాటినవి ఒక్కొక్కటి చదివి, ఎవరి దగ్గర ఆగిందో చెప్పమని అడగండి.