తాకించిన కార్డు ఏం చెబుతుంది?

శ్రీశైలం జలాశయం గేట్లు ఎత్తిన రోజుల్లో పిల్లలతో వెళ్లివచ్చిన ఒక సోదరి ఇలా అడిగారు: “సున్నిపెంటలో ఒక దుకాణంలో 640 రూపాయల సరుకులు కొన్నాము. కార్డును మిషన్‌ దగ్గర పట్టగానే, పిన్ అడగకుండానే డబ్బు చెల్లిపోయింది. మరి కిక్కిరిసిన బస్సులో ఎవరైనా మిషన్‌ను నా సంచికి ఆనిస్తే?”

ఈ భయం అర్థం లేనిది కాదు. జవాబు కార్డు లోపలే ఉంది.

కార్డులో బ్యాటరీ లేదు. దాని అంచుల వెంబడి, ప్లాస్టిక్ పొరల మధ్య, సన్నని తీగ కొన్ని చుట్లు తిరిగి చిప్‌తో కలుస్తుంది. మిషన్‌లోనూ అలాంటి చుట్టే ఉంటుంది. దుకాణదారుడు 640 అని నొక్కగానే ఆ చుట్టు క్షణానికి 1 కోటి 35 లక్షల 60 వేల సార్లు అటూ ఇటూ ఊగే అయస్కాంత క్షేత్రాన్ని వెదజల్లుతుంది. అందులోకి వచ్చిన కార్డు తీగలో కరెంటు పుడుతుంది, చిప్ మేల్కొంటుంది. బదులు చెప్పడానికి చిప్ తాను లాగే కరెంటును కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ స్వల్పమైన మార్పునే మిషన్ మాటగా చదువుకుంటుంది. దూరం పెరిగేకొద్దీ ఈ క్షేత్రం వేగంగా క్షీణిస్తుంది గనుక నాలుగు సెంటీమీటర్లు దాటితే సాధారణ మిషన్‌కు కార్డు కనిపించదు. ఒకే పర్సులో రెండు కార్డులుంటే రెండూ ఒకేసారి బదులిస్తాయి; అప్పుడు ఒక్క కార్డే చూపమని మిషన్ అడుగుతుంది.

ఇక కార్డు చెప్పే మాట. కార్డు నంబరు, గడువు తేదీ వెళతాయి. వెనుక ముద్రించిన మూడంకెలు గానీ పిన్ గానీ వెళ్లవు. వీటితో పాటు 640 అనే మొత్తం, మిషన్ అప్పటికప్పుడు ఇచ్చిన ఒక సంఖ్య, ప్రతి వాడకానికీ ఒకటి పెరిగే లెక్క, వీటన్నిటినీ తనలోని రహస్య తాళంతో కలిపి చిప్ ఒక సంకేతాన్ని తయారు చేస్తుంది. బ్యాంకు దానిని సరిచూస్తుంది. దొంగ ఆ సంకేతాన్ని విని మరునాడు మళ్లీ పంపినా పాత లెక్క కాబట్టి చెల్లదు.

కాబట్టి బస్సులో దొంగకు కావలసింది అసలైన మిషన్, దానికి బ్యాంకులో నమోదైన ఖాతా. అది జరగనే జరగదని అనను. కానీ అలా చేసినవాడు తన చిరునామా తానే ఇచ్చినట్టవుతుంది. పిన్ లేకుండా చెల్లే పరిమితిని రిజర్వు బ్యాంకు 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయలు చేసింది. ఆ సదుపాయం అక్కరలేనివారు బ్యాంకు యాప్‌లో దానిని ఆపివేయవచ్చు, పరిమితిని తగ్గించుకోవచ్చు.

నల్లమల దారుల్లో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు వేరు. ‘బీప్’ మోగిందంటే కార్డును చదవడం పూర్తయిందని మాత్రమే అర్థం. ఆ తరువాత మిషన్ నెట్‌వర్క్ ద్వారా బ్యాంకును అడగాలి, సిగ్నల్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. రసీదు వచ్చేదాకా ఆగండి. ఫోన్‌కు డబ్బు తగ్గినట్టు సందేశం వచ్చి, దుకాణంలో రసీదు రాకపోతే, ఆ సొమ్మును బ్యాంకు ఐదు రోజుల్లో తనంతట తానే తిరిగి జమ చేయాలి; ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి.