పెరిగిన 940 రూపాయల్లో మనకు మిగిలింది ఎంత?

సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర 2014-15లో క్వింటాలుకు 1,360 రూపాయలు, 2024-25లో 2,300 రూపాయలు. పదేళ్లలో 940 రూపాయలు పెంచామని సభల్లో గొప్పగా చెబుతున్నారు. తీసివేత సరైనదే. కానీ ఆనాటి రూపాయికి వచ్చినంత సరుకు ఈనాటి రూపాయికి రాదు కదా!

ఈ తేడాను కొలిచే అంకె ప్రభుత్వం దగ్గరే ఉంది. వ్యవసాయ కార్మికుల వినియోగదారుల ధరల సూచీని లేబర్ బ్యూరో ప్రతి నెలా ప్రకటిస్తుంది. 1986-87 ధరలను 100గా తీసుకున్న ఆ సూచీ దేశం మొత్తానికి 2014 నవంబరులో 813, 2024 నవంబరులో 1,320. కూలీ కుటుంబం అప్పుడు 813 రూపాయలకు తెచ్చుకున్న సరుకులకు ఇప్పుడు 1,320 పెట్టాలన్నమాట.

పాత ధర 1,360ని 1,320తో గుణించి 813తో భాగిస్తే 2,208 వస్తుంది. ధర అసలు పెరగకుండా, ఉన్నచోటే నిలబడడానికే 2,208 కావాలి. ఇచ్చింది 2,300. నిజమైన పెంపు 92 రూపాయలు. పదేళ్లకు!

ఇదే కొలత మన ఖర్చుకూ పెట్టాలి. పెట్టకపోతే మన వాదన నిలవదు. ఎకరా వరికి 2014లో 22,000 అయిందనీ, 2024లో 40,000 అయిందనీ అనుకుందాం. ఖర్చు 18,000 పెరిగిందని అర్జీలో రాస్తే, అన్ని ధరలూ పెరిగాయి కదా అని అధికారి పక్కన పెట్టేస్తాడు. పాత 22,000ను పై పద్ధతిలో మారిస్తే 35,720 అవుతుంది. అప్పుడు మన అసలు అదనపు భారం 4,280. అంకె చిన్నదే, కానీ దాన్ని తోసేయడానికి ఆయనకు సాకు దొరకదు.

అయితే ఈ సూచీలో ఎక్కువ భాగం కూలీ ఇంటి తిండి ఖర్చే. ట్రాక్టర్ బాడుగ, కోత మిషన్ బాడుగ అందులో లేవు. యూరియా ధరను ప్రభుత్వం దాదాపు కదలనివ్వలేదు, కూలి మాత్రం ఎక్కడికో వెళ్లింది. అందుకే మొత్తాన్ని మార్చి ఊరుకోకుండా నాట్లు, కోత, మందులు, బాడుగ ఒక్కొక్కటీ విడిగా మార్చి చూడాలి. ఏది సూచీని దాటి పరుగెత్తిందో అప్పుడు తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. 2025 జూన్ నుంచి ఈ సూచీని 2019ని 100గా తీసుకొని లెక్కిస్తున్నారు. కొత్త అంకెను పాత 813తో నేరుగా భాగిస్తే ధరలు ఎన్నో రెట్లు పడిపోయినట్టు కనిపిస్తుంది. బ్యూరో ఇచ్చిన లింకింగ్ ఫ్యాక్టర్‌తో కొత్త అంకెను ముందు గుణించాలి.

ఈ సీజన్ రసీదుల మీద నెల, సంవత్సరం తప్పక రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి. ధరల కమిషన్‌కు పంపే అర్జీలో పాత ఖర్చు, సూచీతో మార్చిన ఖర్చు, ఇప్పటి ఖర్చు మూడూ పక్కపక్కనే పెడదాం.