పూత రాలిన నాడే వ్రాయవలసిన ఉత్తరము



మిరప తోటలో పూత రాలిపోయే రోజుకూ, కళాశాలలో హాల్ టికెట్ ఆగిపోయే రోజుకూ మధ్య మూడు నాలుగు నెలల గడువు ఉంటుంది. ఈ నెల మేము ఆ గడువును గూర్చియే వ్రాయదలచాము. మన గుంటూరు, ప్రకాశం పల్లెలలో ఎందరో తల్లిదండ్రులు ఆ మూడు నెలలు ఎవరికీ చెప్పుకోక, పరీక్షల వారములో పరుగులు తీస్తున్నారు. అప్పటికి సహాయపడగలవారి చేతులు కూడా కట్టుబడిపోయి ఉంటాయి.

2021లో నల్ల తామర పురుగు వచ్చిన సంగతి మీకు జ్ఞాపకముండే ఉంటుంది. పురుగు పూవులో చేరింది, పూత రాలింది, కాయ నిలువలేదు. అనేకులు తోటలు పీకివేశారు. 2025 ఆరంభములో కథ వేరు. కాయ వచ్చింది గాని ధర పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయలను ఆధార ధరగా తీసికొని రైతుకు తేడా చెల్లించే పథకమును కేంద్ర ప్రభుత్వము ఆమోదించవలసి వచ్చింది. పంట పోయినా, ధర పోయినా, దెబ్బ తగిలేది రెండవ సెమిస్టరు నడిచే రోజులలోనే.

ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నది కదా అని మీరు అడుగవచ్చును. అది కుటుంబపు వార్షిక ఆదాయమును, సీటు రకమును చూచి ఇచ్చే సహాయము. మేనేజ్‌మెంటు సీటులో చేరిన పిల్లలకు అది రాదు. వచ్చే పిల్లలకైనా, ప్రభుత్వము నుండి సొమ్ము ఆలస్యమైనప్పుడు ముందు మీరు కట్టండని కొన్ని కళాశాలలు అడుగుతున్నాయి. నడి సంవత్సరములో ఆదాయము పోయిన ఇంటికి వెంటనే అందేటట్లు ఆ పథకమును కట్టలేదు. కాబట్టి మొదట తట్టవలసిన తలుపు ప్రిన్సిపాలు గారిది.

అక్కడ ఏమి అడగాలో తెలిసి అడగవలెను. ఫీజు మాఫీ వేరు, ఫీజు వాయిదా వేరు. మాఫీ చేయడము యాజమాన్యము చేతిలోని పని. వాయిదా ఇవ్వడమైతే చాలా చోట్ల ప్రిన్సిపాలు గారికే సాధ్యపడుతుంది. అలాగే ట్యూషన్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు. ట్యూషన్ ఫీజు కళాశాలకు చేరేది గనుక కళాశాల ఆగగలదు. పరీక్ష ఫీజు విశ్వవిద్యాలయమునకు చేరవలసినది. దానికి ఒక ఆఖరు తేదీ, ఆ తరువాత జరిమానాతో మరి కొన్ని తేదీలు ఉంటాయి. అవి కూడా దాటితే ప్రిన్సిపాలు గారు ఎంత మంచివారైనా చేయగలిగినది తక్కువ. అందుచేత చేతిలో కొంచెమే డబ్బున్నప్పుడు ముందుగా పరీక్ష ఫీజు కట్టండి.

ఇప్పుడు ఉదాహరణకు ఒక ఇంటి లెక్క వేసి చూద్దాము. ప్రకాశం జిల్లాలో ఒక కౌలు రైతు మూడు ఎకరాల మిరప వేశాడనుకొందాము. అమ్మాయి మేనేజ్‌మెంటు సీటులో ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుతున్నది. ఏడాది ఫీజు 70,000 రూపాయలు. ఆగస్టులో 30,000 కట్టారు. మిగిలిన 40,000 మిరప అమ్మి కడతామన్నారు. డిసెంబరులో పూత రాలిపోయింది.

ఉత్తరము వ్రాయవలసినది జనవరిలోనే. అందులో కష్టము నాలుగు వాక్యాలలో చెబితే చాలును. ముఖ్యమైనవి తేదీలు, మొత్తాలు. ఏప్రిలులో పరీక్షలకు ముందు 10,000, జూలైలో కూలి డబ్బుల నుండి 10,000, నవంబరులో ప్రత్తి తీతలు మొదలైన తరువాత 20,000 అని స్పష్టముగా వ్రాయవలెను. ఇంటికి నిజముగా డబ్బు వచ్చే నెలలకే వాయిదాలు పెట్టుకోవాలి. మొహమాటపడి, వచ్చే నెలలోనే మొత్తము కడతామని మాట ఇచ్చి తప్పితే, రెండవసారి వాయిదా దొరకదు.

ఉత్తరముతోపాటు ఆధారములు జతచేయాలి. కౌలుదారునికి పట్టాదారు పుస్తకము ఉండదు గనుక పంట సాగు హక్కు పత్రము గాని, ఈ-పంటలో నమోదైన రసీదు గాని పెట్టవచ్చును. గ్రామ వ్యవసాయ సహాయకుని వద్ద పంట నష్టమును గూర్చి ఒక కాగితము అడగండి. ధర పడిపోయిన సంవత్సరమైతే, యార్డులో కమీషన్ కొట్టువారు ఇచ్చిన పట్టీలు పోయిన ఏటివి, ఈ ఏటివి ప్రక్కప్రక్కన పెట్టి చూపండి. ఆదాయ ధ్రువపత్రము ఒక్కటే సరిపోదు. అది సంవత్సరపు లెక్క చెబుతుంది గాని డిసెంబరులో జరిగినది చెప్పదు. ఉత్తరము రెండు ప్రతులు వ్రాసి, ఒక దానిమీద కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకోండి. వాయిదాకు ఒప్పుకొంటే ఆ మాట కూడా కాగితము మీద తీసికొనండి.

2020 మే నెలలో, కోవిడ్ కాలములో, ఫీజు విషయములో విద్యార్థుల వినతులను సానుభూతితో చూచి వేరే చెల్లింపు పద్ధతులు ఆలోచించమని యు.జి.సి. విశ్వవిద్యాలయాలను కోరింది. అది కోరికే గాని ఆజ్ఞ కాదు. వాయిదా మనకు హక్కుగా రాదని తెలిసికొని మర్యాదగా అడగవలెను. ఒక విషయములో మాత్రము గట్టిగా నిలబడవచ్చును. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను కళాశాలలు తమ వద్ద ఉంచుకోకూడదని యు.జి.సి. 2018లోనే తెలియజేసింది. బాకీకి హామీగా టెన్త్, ఇంటర్ అసలు పత్రాలు ఇచ్చి రావద్దు. మొత్తము వ్రాయని ఖాళీ చెక్కు మీద సంతకము అసలే చేయవద్దు.

ఈ మధ్యలో పిల్లలు చేసే పొరపాటు ఒకటున్నది. ఫీజు అడుగుతారని సిగ్గుపడి తరగతికి వెళ్ళడము మానుకొంటారు. నష్టమంతా అక్కడే జరుగుతుంది. జె.ఎన్.టి.యు. కళాశాలలలో హాజరు 75 శాతము ఉండాలి. 65 దాకా తగ్గితే తగిన కారణము చూపి మన్నింపు కోరవచ్చును గాని, 65 కంటె తగ్గితే ఆ సెమిస్టరు మరల చదవవలసినదే. 40,000 బాకీకి భయపడి ఏడాది చదువు పోగొట్టుకొన్నట్లవుతుంది. మీ బిడ్డ సెలవులు లేకుండానే తరచుగా ఇంటికి వస్తున్నట్లయితే, హాజరు శాతము ఎంతో నెమ్మదిగా అడగండి.

వడ్డీకి తెచ్చి కట్టేద్దామనే ఆలోచన వచ్చినప్పుడు లెక్క వేసి చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీన 40,000కు నెలకు 1,200. జనవరి నుండి నవంబరు వరకు పది నెలలకు 12,000 అవుతుంది. ప్రత్తి డబ్బు వచ్చేసరికి బాకీ 52,000. బ్యాంకు విద్యారుణమును చదువు మధ్యలో కూడా, మిగిలిన సంవత్సరాల కోసము అడగవచ్చును. నాలుగు లక్షల వరకు సాధారణముగా ఆస్తి తాకట్టు అడగరు. చదువు ముగిసి ఒక ఏడాది గడిచే వరకు వాయిదాలు మొదలు కావు. అయితే అది చేతికి వచ్చేసరికి వారాలు పడుతుంది. తండ్రి పాత పంట రుణము బాకీ పడి ఉంటే చిక్కు కూడా వస్తుంది. కనుక అది వచ్చే ఏటికి ఆధారమే గాని ఈ ఏప్రిలుకు కాదు.

ఈ ఏప్రిలుకు ఆధారము కాగలిగినది సంఘములోని చిన్న నిధి. పెద్ద మొత్తము అక్కరలేదు. ఒక బిడ్డ పరీక్ష ఫీజు, ఒక నెల మెస్ బిల్లు, బస్సు పాసు, ఇవి ఆ నిధికి తగిన పనులు. మొత్తము ట్యూషన్ ఫీజు కట్టబోతే ఇద్దరు పిల్లలతోనే నిధి అయిపోతుంది. ముగ్గురు పెద్దలు, వారిలో ఒక స్త్రీ, నాలుగైదు రోజులలో తేల్చేటట్లు ఏర్పాటు చేసికొనండి. ఫీజు సొమ్ము నేరుగా కళాశాలకు కట్టి రసీదు దాచండి. పుచ్చుకొన్న బిడ్డ పేరు ఆదివారము ఆరాధనలో చదువవద్దు. పేరు చదువుతారని తెలిస్తే, అవసరమున్న రెండవ బిడ్డ అడగడానికి రాదు.

ఈ ఏడు మీ తోటలో పూత నిలువకపోతే, ఆ వారములోనే కాగితము, కలము తీయండి.